కాలర్ నోరు విప్పాలంటే మొదటి నిమిషం ఎలా ఉండాలి

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక కంపెనీ ఐటీ హెల్ప్ డెస్క్‌లో ఈ మధ్యే చేరాను. రెండు రాష్ట్రాల్లోని మా బ్రాంచీల స్టాఫ్ ఫోన్ చేస్తారు. స్క్రిప్ట్ ప్రకారమే మర్యాదగా మాట్లాడుతున్నా, అయినా కాలర్లు ఒకటి రెండు మాటలు చెప్పి ఆగిపోతున్నారు, ప్రతిదీ నేనే గుచ్చి గుచ్చి అడగాల్సి వస్తోంది. కాల్ మొదట్లో ఏం మాట్లాడితే వాళ్ళంతట వాళ్ళే వివరంగా చెప్తారు?

సమాధానం:

మీ స్క్రిప్ట్ నేను చూడలేదు కానీ దాదాపు ఎలా ఉంటుందో చెప్పగలను. ముందు కంపెనీ పేరు, మీ పేరు, తర్వాత "హౌ మే ఐ హెల్ప్ యూ". కాలర్ ఒక్క ముక్క చెప్పగానే ఎంప్లాయీ ఐడీ, బ్రాంచ్ కోడ్, రిజిస్టర్డ్ మొబైల్ నంబర్, సిస్టమ్ మీద అంటించిన స్టిక్కర్ నంబర్. చిక్కంతా ఈ వరసలోనే ఉంది, మీ మర్యాదలో ఏ లోపమూ లేదు. ఏదో చెప్పుకుందామని ఫోన్ చేసిన మనిషిని నాలుగు ప్రశ్నలు వరసగా అడిగి నాలుగు పొట్టి జవాబులు రాబట్టేసరికి, ఇక్కడ అడిగేది వాళ్ళు, అడిగినంతవరకే చెప్పడం నా పని అని అతనికి అర్థమైపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత ప్రేమగా "డీటెయిల్డ్‌గా చెప్పండి" అన్నా అతను అదే ధోరణిలో "ప్రింట్ రావట్లేదండి" అని మీ తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తాడు.

కాబట్టి మొదట మార్చాల్సింది వరస. ముందు వాళ్ళు చెప్పేది వినండి, ఐడీ తర్వాత అడగండి.

ఈ మాట అనగానే కొత్తవాళ్ళందరూ భయపడేది వెరిఫికేషన్ గురించి, అది న్యాయమైన భయమే. కానీ వినడానికి ఐడీ అక్కర్లేదు, ఏదైనా చేయడానికి కావాలి. పాస్‌వర్డ్ రీసెట్, అకౌంట్ అన్‌లాక్, రిమోట్‌లో సిస్టమ్‌లోకి వెళ్ళడం, అకౌంట్‌లో ఏముందో కాలర్‌కి చదివి వినిపించడం, వీటిలో ఏది చేయాలన్నా దానికి ముందు వెరిఫికేషన్ పూర్తిగా, ఒక్కటి కూడా వదలకుండా చేయాల్సిందే. ఎంత నమ్మకంగా, ఎంత కంగారుగా చెప్పినా సరే. హెల్ప్ డెస్క్‌ను మోసం చేసి పాస్‌వర్డ్ మార్పించుకునేవాళ్ళు అచ్చం అలాగే మాట్లాడతారు. కానీ ఆ మొదటి నిమిషంలో మీరు చేసేది వినడం మాత్రమే కాబట్టి ఐడీ ఆ తర్వాత అడిగితే ఏ నష్టమూ లేదు. పైగా అప్పుడు "సరే మేడమ్, అర్థమైంది. ఇది చూడాలంటే నాకు మీ ఐడీ కావాలి, చెప్తారా" అంటే అది ఆమె పని కోసమే అడిగినట్టు ఉంటుంది.

ఇక మొదటి మాట. "నమస్తే అండి, ఐటీ హెల్ప్ డెస్క్, నా పేరు ఫలానా. చెప్పండి, ఏమైంది?" ఇంతే చాలు. తెలుగులోనే మొదలుపెట్టండి, మీ స్క్రిప్ట్‌లో ఇంగ్లీష్ గ్రీటింగ్ తప్పనిసరైతే అది అనేసి వెంటనే తెలుగులో "చెప్పండి" అనండి. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీష్ వినపడగానే సూర్యాపేటలోనో పాడేరులోనో కౌంటర్‌లో కూర్చున్న మనిషి, తెలుగులో అయితే అర నిమిషం చెప్పేదాన్ని "సర్, సిస్టమ్ ప్రాబ్లం" అనే రెండు మాటలకు కుదించేస్తారు, ఎందుకంటే ఆ రెండు మాటలే ఇంగ్లీష్‌లో ధైర్యంగా అనగలరు. అవతలివాళ్ళు హిందీలో మొదలుపెడితే మీరూ హిందీకి మారిపోండి, పాతబస్తీ బ్రాంచ్ నుంచి వచ్చే కాల్స్‌లో ఇది రోజూ ఉండేదే. "విచ్ లాంగ్వేజ్ యూ ప్రిఫర్" అని అడగడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఇంగ్లీష్ రాదని ఒప్పుకున్నట్టు అవుతుందని చాలామంది "ఇంగ్లీష్ ఓకే" అనేసి ఆ తర్వాత ఇబ్బంది పడతారు.

"ఏమైంది" అని ఎందుకంటున్నానంటే, మిగతా ప్రశ్నలన్నీ ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటాయి. "ఏం చేశారు?" అంటే తప్పు వాళ్ళదే అన్నట్టు ఉంటుంది. "ప్రాబ్లం ఏంటి?" అంటే వాళ్ళు జబ్బు పేరు చెప్పాల్సి వస్తుంది, అది వాళ్ళకు తెలీదు, అందుకే కదా ఫోన్ చేశారు. "హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?" అయితే మరీ అన్యాయం. ఏమైంది అని అడిగితే మాత్రం ఎవరైనా జరిగింది జరిగినట్టు చెప్పగలరు. ఇంకో మాట, మొదట్లోనే "మీ తప్పేం లేదు మేడమ్" అనకండి. వాళ్ళు ఇంకా ఏమీ చెప్పకముందే తప్పు అనే మాట మీరే తెచ్చి పెట్టినట్టు అవుతుంది, పైగా అది నిజమో కాదో మీకూ తెలీదు.

అడిగాక ఆగండి. కష్టమైనది ఇదే. కాలర్ మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది, "ప్రింట్ రావట్లేదండి" లాగా. అది కథ మొత్తం కాదు, అవతలివాళ్ళు వినే మూడ్‌లో ఉన్నారా లేదా అని వేసి చూసే మొదటి అడుగు. మీరు ఆ వాక్యం అందుకుని "కేబుల్ సరిగ్గా ఉందా?" అన్నారంటే కథ అక్కడే ఆగిపోయింది. "ఊఁ" అని రెండు మూడు సెకన్లు ఆగితే రెండో వాక్యం వస్తుంది, సాధారణంగా పనికొచ్చేది ఆ రెండోదో మూడోదో. ఫోన్‌లో పూర్తిగా మౌనంగా ఉంటే కాల్ కట్ అయిందనుకుని "హలో? హలో?" అంటారు కాబట్టి మధ్యమధ్యలో "ఊఁ", "అవునా", "సరే" అనడం తప్పనిసరి. "ఓకే ఓకే ఓకే" అని గబగబా అనకండి, అది త్వరగా ముగించమని అన్నట్టే వినపడుతుంది.

వాళ్ళు చెప్తున్నంతసేపూ కీబోర్డ్ ముట్టుకోకండి. టకటక శబ్దం వినపడగానే ఏదో రాసుకుంటున్నారని కాలర్ ఆగిపోతారు, మీరు టైప్ చేయడం ఆపేదాకా ఎదురుచూస్తారు, ఆ ఆగినప్పుడు చెప్పబోయిన సంగతి మరిచిపోతారు. పక్కన ఒక చిన్న ప్యాడ్ పెట్టుకుని నాలుగైదు మాటలు పెన్నుతో రాసుకోండి, టికెట్ తర్వాత నింపవచ్చు.

ఇలా వదిలేస్తే గంటసేపు చెప్తారేమో, యావరేజ్ హ్యాండిల్ టైమ్ ఏమైపోవాలి అనే భయం మీకూ ఉంటుంది, మీ టీమ్ లీడర్‌కి, అదే టీఎల్‌కి, ఇంకా ఎక్కువ ఉంటుంది. దీని మీద మన రంగంలో కాదుగానీ డాక్టర్ల దగ్గర మంచి పరిశోధనలు జరిగాయి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల సంభాషణలు రికార్డ్ చేసి చూస్తే, పేషెంట్ మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నారు. 2002లో స్విట్జర్లాండ్‌లో దీన్ని తిరగేసి చూశారు, పేషెంట్ తనంతట తాను ఆపేదాకా డాక్టర్లు అడ్డుపడకూడదన్నారు. సగటున పట్టింది 92 సెకన్లు, నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించేశారు. జబ్బుల సంగతే అంతలో అయిపోతే ప్రింటర్ సంగతికి ఇంకా తక్కువే పడుతుందని నా అనుభవం. నేను కొత్తవాళ్ళ కాల్స్ వింటుంటాను కదా, అడ్డుపడకపోతే చాలామంది అర నిమిషం దాటకుండానే "అదండీ సంగతి" అని వాళ్ళే ఆగుతారు.

ఒక కాల్ పూర్తిగా చెప్తాను, దాంతో పైవన్నీ ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఒక ఫైనాన్స్ సంస్థ, సూర్యాపేట వైపు బ్రాంచ్, క్యాష్ కౌంటర్‌లో కూర్చునే మేడమ్. పొద్దున పదింటికి రసీదులు ప్రింట్ కావడం లేదని ఫోన్ చేశారు. మా వాళ్ళు ఐడీ, బ్రాంచ్ కోడ్ అడిగి, "ప్రింటర్ ఆన్‌లో ఉందా? కేబుల్ చూశారా? స్క్రీన్ మీద Offline అని ఉందా?" అంటే ఆమె అవును, చూశాను, ఉంది అన్నారు. రిమోట్‌లో వెళ్ళి పాత ప్రింటర్ తీసేసి మళ్ళీ యాడ్ చేస్తే ప్రింట్ వచ్చింది. థాంక్స్ అన్నారు, టికెట్ క్లోజ్. కాల్ మూడు నిమిషాల్లో అయిపోయింది, క్వాలిటీ వాళ్ళు ఫుల్ మార్కులు వేసే కాల్. మర్నాడు పొద్దున మళ్ళీ అదే, ఇంకో ఏజెంట్ ఎత్తాడు, అదే పని చేశాడు. ఆ మర్నాడూ అంతే. టికెట్లలో రాసింది ఒకటే, "ప్రింటర్ రీ-ఇన్‌స్టాల్ చేశాం, పనిచేస్తోంది".

నాలుగో రోజు ఎత్తిన అమ్మాయి నంబర్ పక్కన పాత టికెట్లు చూసి ఇలా మొదలుపెట్టింది:

"నమస్తే మేడమ్, ఐటీ హెల్ప్ డెస్క్. మూడు రోజులుగా ప్రింటర్ మళ్ళీ పెడుతున్నట్టు ఇక్కడ రాసుంది. ఇవాళ ఏమైందో చెప్పండి."

"ఏముందండీ, మళ్ళీ అదే. ప్రింట్ రావట్లేదు."

"ఊఁ."

కాసేపు నిశ్శబ్దం. వెనకాల జనం మాటలు వినపడుతున్నాయి.

"రోజూ పొద్దున రాగానే ఇదే గొడవ. మీవాళ్ళు చేస్తే సాయంత్రం దాకా బాగానే ఉంటుంది. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్తాం, పొద్దున వచ్చి ఆన్ చేస్తే ఇంతే."

"అవునా."

"ఇదివరకు ఎప్పుడూ లేదండీ. పోయిన వారం నెట్ వాడు వచ్చి బాక్స్ మార్చి వెళ్ళాడు, అది వేరేలెండి. నేనే ఏదైనా తప్పు నొక్కుతున్నానేమో అని మా సార్ అంటున్నారు."

"అది వేరేలెండి" అన్నారే, జవాబు అక్కడే ఉంది. కొత్త రౌటర్ పెట్టారు. పాత రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ దొరికేలా ఎవరో సెట్ చేసి ఉంచారు, కొత్తదానిలో అది లేదు. రాత్రి మెయిన్ ఆపేయడంతో రౌటర్ కూడా ఆగిపోతుంది, అలాంటి చిన్న రౌటర్లు చాలావరకు కరెంటు పోతే ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామన్నది మరిచిపోతాయి. పొద్దున ఏ మిషన్ ముందు ఆన్ అయితే దానికి ముందున్న అడ్రస్ ఇచ్చేస్తాయి. నిన్న 192.168.1.20 మీద ఉన్న ప్రింటర్ ఇవాళ 192.168.1.23 మీద ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఇంకా 20కే పంపిస్తుంటుంది, అందుకే Offline. మా వాళ్ళు రోజూ చేసింది ఏమిటంటే ఆ రోజు అడ్రస్‌తో ప్రింటర్‌ని మళ్ళీ కలపడం, అది ఆ రాత్రి దాకా పనిచేసేది.

ఆ అమ్మాయి ఐడీ తీసుకుని వెరిఫై చేసుకుంది. ప్రింటర్ మీది మెనూ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయించి దాని మీదున్న ఐపీ చదివించింది, రిమోట్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో Ports ట్యాబ్ చూస్తే వేరే ఐపీ ఉంది. అంతటితో నిర్ధారణ అయిపోయింది. రౌటర్‌లో ఆ ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేయించి, Ports లో అదే ఇచ్చింది. కాల్ తొమ్మిది నిమిషాలు పట్టింది, ఆ ప్రింటర్ మీద మళ్ళీ కాల్ రాలేదు.

రాత్రి మెయిన్ ఆపేస్తారని, నెట్ బాక్స్ మార్చారని మా స్క్రిప్ట్‌లో ఏ ప్రశ్నా రాబట్టలేదు. రాబట్టే వీలు కూడా లేదు, ఎందుకంటే మనకు తెలియని సంగతిని మనం ప్రశ్నగా అడగలేం. ఆమెకేమో అది ప్రింటర్‌కు సంబంధించిన సంగతని తెలీదు. తనకు సంబంధం లేదనిపించిన సంగతి కూడా నోట్లోంచి రావాలంటే ఆ మాత్రం ఖాళీ ఉండాలి. అలాగే ఆ అమ్మాయి మొదటి వాక్యం చూడండి. పాత టికెట్ల సంగతి తనే చెప్పేసింది, అంటే "మళ్ళీ మొదట్నుంచి చెప్పాలా" అనే విసుగు పోయింది. అలాగని "నాకు తెలుసు" అని ముందుకు దూకలేదు, ఇవాల్టి సంగతి ఆమె నోటే విన్నది. టికెట్‌లో ఉన్నది మనవాళ్ళు ఏం చేశారన్నదే, కాలర్ దగ్గర ఏం జరుగుతోందన్నది అందులో ఉండదు.

వాళ్ళు ఆగాక ఒక్కసారి మీ మాటల్లో తిరిగి చెప్పండి, పొట్టిగా. "అంటే రోజూ పొద్దున మాత్రమే, బాక్స్ మార్చినప్పట్నుంచి, అంతేనా?" అనండి. తప్పు ఉంటే అప్పుడే సరిదిద్దుతారు, చాలాసార్లు "ఆఁ, ఇంకోటి కూడా" అని కొత్త సంగతి చెప్తారు. ఐడీ అడగాల్సింది దీని తర్వాత.

అడ్డుపడకుండా ఆగినా కొందరు చెప్పరు, దానికి కారణం మీరు కాకపోవచ్చు. వాళ్ళు చెప్పలేని చోట ఉండొచ్చు. కౌంటర్ ముందు కస్టమర్లు లైన్‌లో ఉన్నారు, లేదా మేనేజర్ పక్కనే నిలబడి వింటున్నాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడటం, ప్రతిదానికీ "ఆఁ సర్, లేదు సర్" అనడం, ఒక ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకుండా దాటేయడం, ఇవి గుర్తులు. అప్పుడు ఎంత మంచిగా అడిగినా లాభం లేదు. "ఇప్పుడు మాట్లాడటానికి వీలుగా ఉందా మేడమ్, లేక పది నిమిషాల తర్వాత నేనే చేయనా?" అనండి, చెప్పిన టైమ్‌కి మీరే చేయండి. ముఖ్యంగా తెలియని మెయిల్‌లో లింక్ నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేసినవాళ్ళు ఇలాగే ఉంటారు, వాళ్ళు ఫోన్ చేసేది "సిస్టమ్ స్లోగా ఉంది" అని. పక్కకు వచ్చాక "స్లో అవ్వకముందు స్క్రీన్ మీద ఏమైనా కొత్తగా కనపడిందా?" అని అడిగితే చెప్తారు. చెప్పగానే మీ మొదటి మాట "ఫోన్ చేసి మంచిపని చేశారు, ఇప్పుడు పాస్‌వర్డ్ మారుద్దాం" అయి ఉండాలి. "ఎందుకు నొక్కారు" అని మీరు అన్నారంటే ఆ బ్రాంచ్‌లో ఇంకెవరూ మీకు నిజం చెప్పరు, ఆ మాట భోజనాల టైమ్‌కే అందరికీ తెలిసిపోతుంది.

వెంటనే అడ్డుపడాల్సిన కాల్స్ కూడా ఉన్నాయి, అక్కడ మొహమాటపడకండి. కాలర్ తన పాస్‌వర్డో ఓటీపీయో పైకి చదవబోతుంటే "అది నాకు చెప్పకండి మేడమ్" అని గట్టిగానే ఆపండి, కాల్ రికార్డ్ అవుతోంది. ఫైళ్ళన్నీ లాక్ అయ్యాయి, డబ్బు కట్టమని స్క్రీన్ మీద వచ్చింది అంటే కథ తర్వాత, ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకించి వైఫై ఆపించండి, తర్వాత మీ సెక్యూరిటీ టీమ్‌కి ఎస్కలేట్ చేయండి. అకౌంట్‌లోంచి డబ్బు పోయిందంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయమనండి, ఆ ఫిర్యాదు ఎంత తొందరగా వెళ్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ, మీరు వింటూ కూర్చునే ప్రతి నిమిషమూ వాళ్ళకు నష్టమే. మేనేజర్ చేయమన్నాడని ఆఫీస్ బాయ్ ఫోన్ చేసిన కాల్ కూడా వేరే. అతని దగ్గర కథ ఉండదు, "సిస్టమ్ ముందు కూర్చునేది ఎవరు అన్నా, వాళ్ళకి ఒకసారి ఇస్తావా" అని అడగడమే మేలు.

చివరగా మీ టీఎల్ సంగతి. స్క్రిప్ట్ మీ అంతట మీరు మార్చేస్తే ఆడిట్‌లో మార్కులు పోతాయి, అలా చేయకండి. ముందు మీ క్వాలిటీ షీట్ తీసి చూడండి, చాలా షీట్లలో వెరిఫికేషన్ చేశారా లేదా అని ఉంటుంది, మొదటి పది సెకన్లలోనే చేయాలని ఉండదు. ఉంటే పర్మిషన్ అడగండి. అడిగేటప్పుడు కాలర్ ఫీలింగ్స్ గురించి మాట్లాడితే టీఎల్ వినకపోవచ్చు, రిపీట్ కాల్స్ చూపించండి. ఒకే నంబర్ నుంచి వారంలో ఒకే సమస్య మీద రెండోసారి వచ్చిన కాల్స్ మీ టికెట్ టూల్‌లో ఫిల్టర్ చేస్తే దొరుకుతాయి. వాటిలో మొదటి కాల్ రికార్డింగులు కొన్ని తీసుకుని, కాలర్ మాట్లాడటం మొదలుపెట్టిన ఎన్నో సెకన్‌లో మనవాళ్ళు మొదటి ప్రశ్న వేశారో పక్కన రాసుకోండి. సూర్యాపేట మేడమ్ విషయంలో మూడు నిమిషాల కాల్స్ మూడు, మొత్తం తొమ్మిది నిమిషాలు పోయినా పని కాలేదు, నాలుగో రోజు అదే తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. మీ దగ్గర కూడా ఇలాంటివి రెండు మూడు దొరుకుతాయి, వాటిని పట్టుకుని వెళ్ళి, రెండు వారాలు మీ ఒక్కరి కాల్స్‌లో ఐడీ తర్వాత అడిగేలా ట్రయల్‌కి ఒప్పుకోమనండి.